తలసరి ఆదాయాల సగటు తీసేవారికి ఒక బహిరంగ లేఖ

ప్రాంతీయ ఆదాయ నివేదికలు ప్రచురించే గణాంక విభాగాల అధికారులకు, ఆ అంకెల మీద వార్తలూ వ్యాఖ్యలూ రాసే సంపాదకులకు నమస్కారం.

మేం ఆదాయ పట్టికలు కూర్చేవాళ్లం, ఇతరులు కూర్చినవి సరిచూసేవాళ్లం. మీతో ఒక్క విషయమే మాట్లాడాలని ఈ లేఖ. ఒక దేశంలోని ప్రాంతాల తలసరి ఆదాయాలు ఒక వరుసలో వేసి, కూడి, ప్రాంతాల సంఖ్యతో భాగించి, వచ్చిన దాన్ని "సగటు తలసరి ఆదాయం" అని ముద్రిస్తున్నారు. ప్రాంతాలన్నిటిలో జనం ఇంచుమించు సమానంగా ఉంటే ఇందులో పెద్ద నష్టం లేదు. ఒకచోట రెండు లక్షల మంది, ఇంకోచోట అరవై లక్షల మంది ఉంటే మాత్రం ఆ అంకె ఎవరి ఆదాయమో చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇక్కడ అంకెలు లేకుండా వాదిస్తే ప్రయోజనం లేదు. అందుకని ఒక చిన్న ఊహా దేశాన్ని తీసుకుందాం. నాలుగే ప్రాంతాలు. పేర్లు 'అ', 'ఆ', 'ఇ', 'ఈ' అనుకుందాం. డబ్బును ఉత్త "యూనిట్లు" అందాం, ఏ దేశపు నాణెమైనా లెక్క మారదు.

'అ' ప్రాంతంలో 2 లక్షల మంది, తలసరి ఆదాయం ఏడాదికి 60,000. 'ఆ' ప్రాంతంలో 8 లక్షలు, తలసరి 30,000. 'ఇ' ప్రాంతంలో 30 లక్షలు, తలసరి 15,000. 'ఈ' ప్రాంతంలో 60 లక్షలు, తలసరి 10,000. మొత్తం జనాభా సరిగ్గా కోటి.

మీరు వేసే లెక్క ప్రకారం నాలుగు తలసరి ఆదాయాలూ కూడితే 1,15,000. నాలుగుతో భాగిస్తే 28,750. ఇప్పుడు పట్టికను మళ్లీ చూడండి. 28,750 కన్నా ఎక్కువ తలసరి ఉన్న ప్రాంతాలు 'అ', 'ఆ' రెండే. ఆ రెంటిలో కలిపి ఉన్నది పది లక్షల మంది, అంటే పదిమందిలో ఒకరు. మిగతా తొమ్మిదిమందీ 15,000, 10,000 తలసరి ఉన్న ప్రాంతాల వాళ్లు. అయినా దేశ సగటు 28,750 అంటున్నాం.

తలసరి ఆదాయం అంటేనే మొత్తం ఆదాయాన్ని మొత్తం జనంతో భాగించగా వచ్చేది. ప్రాంతానికైనా, దేశానికైనా నిర్వచనం ఇదే. కాబట్టి ముందు మొత్తం ఆదాయం కట్టాలి. 'అ' ప్రాంతంలో 2 లక్షలను 60,000తో గుణిస్తే 1,200 కోట్లు. 'ఆ' ప్రాంతంలో 2,400 కోట్లు, 'ఇ' ప్రాంతంలో 4,500 కోట్లు, 'ఈ' ప్రాంతంలో 6,000 కోట్లు. మొత్తం 14,100 కోట్లు. దీన్ని కోటితో భాగిస్తే 14,100. ఇదే భారిత సగటు, అంటే ప్రతి ప్రాంతపు తలసరినీ ఆ ప్రాంతంలో ఉన్న జనం వంతుతో గుణించి కూడినది. 'అ' ప్రాంతానికి 0.02, 'ఆ' ప్రాంతానికి 0.08, 'ఇ' ప్రాంతానికి 0.30, 'ఈ' ప్రాంతానికి 0.60 భారాలు. వీటితో లెక్క వేసినా అదే 14,100 వస్తుంది.

మీరు తీసే మామూలు సగటు దీనికి రెట్టింపు దాటింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పైసాతో సహా తేల్చవచ్చు. మామూలు సగటులో ప్రతి ప్రాంతానికీ 0.25 భారం ఇచ్చినట్టే. అసలు భారంలోంచి 0.25 తీసేసి, మిగిలినదాన్ని తలసరితో గుణించండి. 'అ' ప్రాంతానికి −13,800, 'ఆ' ప్రాంతానికి −5,100, 'ఇ' ప్రాంతానికి +750, 'ఈ' ప్రాంతానికి +3,500 వస్తాయి. కూడితే −14,650. రెండు సగటుల మధ్య తేడా సరిగ్గా అంతే. నూటికి ఇద్దరు ఉండే ఒక్క ప్రాంతానికి నూటికి ఇరవై అయిదు మంది విలువ కట్టడం వల్లనే ఇందులో సింహభాగం వచ్చింది. మీ నివేదికలో ఏ ప్రాంతం సగటును లాగుతోందో తెలుసుకోవడానికి ఈ ఒక్క నిలువు వరుస చాలు. తప్పు ఎటువైపు మొగ్గుతుందో కూడా ముందే చెప్పవచ్చు. చిన్న ప్రాంతాలు సంపన్నమైనవైతే మామూలు సగటు అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద ప్రాంతాలు సంపన్నమైనవైతే తక్కువ చూపిస్తుంది. జనాభాకీ తలసరికీ ఏ పొంతనా లేనప్పుడు మాత్రమే రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. అలా వచ్చిన ఏడాది అది అదృష్టమే తప్ప పద్ధతి గొప్పతనం కాదు.

"మాకు ప్రాంతాలన్నీ సమానమే, పెద్దదనీ చిన్నదనీ వివక్ష చూపం" అనే జవాబు ఒకటి వినిపిస్తుంటుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. దానికి మా జవాబు పటం మీది సరిహద్దు గీతలు. 'ఈ' ప్రాంతాన్ని పాలనా సౌలభ్యం కోసం పది లక్షల చొప్పున ఆరు ముక్కలు చేశారనుకోండి. ఆరింటిలోనూ తలసరి 10,000 అనే అనుకుందాం. ఎవరి జేబులోనూ ఒక్క యూనిట్ పెరగలేదు, తగ్గలేదు. ఇప్పుడు తొమ్మిది ప్రాంతాలు. మామూలు సగటు 1,65,000ను తొమ్మిదితో భాగించగా 18,333. నిన్న 28,750 ఉన్న దేశ సగటు రాత్రికి రాత్రి పదివేలు పడిపోయింది. భారిత సగటు మాత్రం 14,100 దగ్గర కదలకుండా ఉంది. పటం మీద గీత గీసినంత మాత్రాన మారే అంకె జనం ఆదాయాన్ని కొలుస్తున్నట్టు కాదు. మాకు తెలిసి ఈ విషయంలో ఇంతకు మించిన పరీక్ష లేదు. మీ అంకె మీద మీకు అనుమానం వస్తే ఏదో ఒక ప్రాంతాన్ని కాగితం మీద రెండుగా చీల్చి చూడండి.

అలాగని మామూలు సగటుకు చోటే లేదని మేం అనం. ఒక్కో ప్రాంతాన్నీ ఒక్కో ప్రభుత్వంగా, ఒక్కో విధాన ప్రయోగంగా చూసేవారికి ప్రాంతమే లెక్కించే వస్తువు, మనిషి కాదు. అసమానతల మీద పనిచేసిన ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ దేశాల మధ్య అసమానతను రెండు రకాలుగా కొలిచి చూపించారు. ఒకదాంట్లో ప్రతి దేశం ఒక లెక్క, రెండోదాంట్లో ప్రతి దేశానికీ దాని జనాభా అంత బరువు. ఇరవయ్యో శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో మొదటి కొలత ప్రకారం దేశాల మధ్య అసమానత పెరిగింది, రెండో కొలత ప్రకారం తగ్గింది. అందుకు ముఖ్య కారణం చైనా ఎదుగుదల. మొదటి కొలతలో చైనా ఒక్క దేశమే, రెండోదాంట్లో వంద కోట్లకు పైగా మనుషులు. రెండు కొలతలూ సక్రమమైనవే, కానీ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మా ఫిర్యాదల్లా ప్రాంతాల ప్రశ్నకు వచ్చిన జవాబును "సగటు పౌరుడి ఆదాయం" అనే శీర్షిక కింద వేయడం మీద. దేశాలను గుంపులుగా చూపేటప్పుడు ప్రపంచ బ్యాంకు ఇచ్చే తలసరి ఆదాయం జనాభా భారంతో కట్టినదే. మీ దేశ సగటును దాని పక్కన పెట్టి పోల్చాలంటే రెండూ ఒకే పద్ధతిలో కట్టి ఉండాలి.

ఇక లెక్క వేసేచోట జరిగే పొరపాట్ల దగ్గరికి వద్దాం. సూత్రం తెలిసినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. స్ప్రెడ్‌షీట్‌లో B నిలువు వరుసలో జనాభా, C నిలువు వరుసలో తలసరి ఉంటే సూత్రం ఇది:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUM(B2:B5)
```

అన్ని గడులూ నిండి ఉన్నంతవరకూ దీనికి తిరుగులేదు. కానీ 'ఈ' ప్రాంతపు తలసరి అంకె ఇంకా అందలేదనుకుందాం. ఆ గడి ఖాళీగా ఉంది, లేదా అక్కడ ఒక అడ్డగీత పెట్టారు. SUMPRODUCT ఆ గడిని సున్నాగా తీసుకుంటుంది. పైన 8,100 కోట్లే మిగులుతాయి, కింద మాత్రం కోటి జనాభా అలాగే ఉంటుంది. జవాబు 8,100 వస్తుంది. అంటే అరవై లక్షల మందికి ఆదాయమే లేదని లెక్కించినట్టు. ఇది గమనించిన వ్యక్తి 'ఈ' ప్రాంతపు అడ్డు వరుస మొత్తాన్ని తీసేస్తే 8,100 కోట్లను 40 లక్షలతో భాగించడం జరుగుతుంది, జవాబు 20,250. అంటే అందరికన్నా పేదవాళ్లు దేశంలోనే లేరని లెక్కించినట్టు. ఈ గొడవంతా ఎందుకని AVERAGE వాడితే అది ఖాళీ గడిని దాటేసి మిగతా మూడింటి సగటు ఇస్తుంది, 35,000. ఒక్క ఖాళీ గడికి మూడు జవాబులు, మూడూ తప్పే. ఏ జవాబు దగ్గరా స్ప్రెడ్‌షీట్ ఎర్రజెండా చూపదు. కాబట్టి పక్కన ఈ తనిఖీ పెట్టుకోండి:

```
=COUNT(C2:C5)=ROWS(C2:C5)
```

FALSE అని వస్తే సగటు ముద్రించకండి. అంకె అందని ప్రాంతానికి కిందటేడు అంకెను తగిన వృద్ధిరేటుతో ముందుకు జరిపి వేసుకోవచ్చు, కానీ అది అంచనా అని పట్టికలోనే గుర్తు పెట్టాలి. అందని ప్రాంతాల్లో మొత్తం జనాభాలో ఎన్నో వంతు ఉందో కూడా చెప్పాలి. "నాలుగింటిలో మూడు ప్రాంతాల వివరాలు అందాయి" అంటే ముప్పాతిక పని అయినట్టే అనిపిస్తుంది. మన ఊహా దేశంలో ఆ మూడు ప్రాంతాలంటే నలభై శాతం జనమే.

ఇంకో చిత్రమైన పొరపాటు ఉంది. పట్టిక కింద "మొత్తం" వరుస ఉంటుంది, సూత్రంలో ఎవరో B2:B5, C2:C5 బదులు B2:B6, C2:C6 అని వేస్తారు. మొత్తం వరుసలో తలసరి 14,100 అని సరిగ్గా ఉంటే జవాబు మళ్లీ 14,100 వస్తుంది. తప్పు జరిగినట్టే తెలియదు. ఆ వరుసలో మామూలు సగటు 28,750 ఉంటే మాత్రం 21,425 వస్తుంది, సగం ఒప్పు, సగం తప్పు. తప్పొప్పుల మధ్యలో ఉండే ఇలాంటి అంకెలు పట్టుకోవడమే కష్టం. అవి చూడడానికి నమ్మదగ్గట్టుగా ఉంటాయి.

భారం ఏది అన్నదాని మీద కూడా గందరగోళం ఉంది. జనాభా వరుస చేతికి అందక, ప్రతి ప్రాంతం దేశ ఆదాయంలో ఎంత వాటా ఇస్తోందో మాత్రమే ఉన్నప్పుడు ఆ వాటాలనే భారాలుగా వాడేస్తుంటారు. మన ఊహా దేశంలో ఆ వాటాలు వరుసగా 8.5, 17.0, 31.9, 42.6 శాతం. వీటితో తలసరులను గుణించి కూడితే దాదాపు 19,255 వస్తుంది, అసలు 14,100కి అయిదువేలు పైన. కారణం తేలికే. ఆదాయపు వాటాలోనే సంపన్న ప్రాంతపు తలసరి ఒకసారి దూరి ఉంది, గుణించినప్పుడు అది రెండోసారి దూరుతుంది. ఇలా చేస్తే జవాబు ఎప్పుడూ పైకే జరుగుతుంది. మీ దగ్గర నిజంగా ఆదాయపు వాటాలు మాత్రమే ఉంటే గుణించకండి, భాగించండి. ప్రతి వాటానూ ఆ ప్రాంతపు తలసరితో భాగించి, వచ్చినవన్నీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించండి. మళ్లీ 14,100 వస్తుంది. దీన్ని హరాత్మక సగటు అంటారు. వాటాను తలసరితో భాగించడమంటే వెనక్కి నడిచి జనాభా వాటాను రాబట్టుకోవడమే.

జనాభా ఎప్పటిది అన్నది ఇంతకన్నా లోతైన చిక్కు. తలసరి కట్టేటప్పుడు సాధారణంగా ఆ ఏడాది మధ్యనాటి జనాభా అంచనాను వాడతారు, ఎందుకంటే ఆదాయం ఏడాది పొడవునా వచ్చేది, జనాభా మాత్రం ఒక రోజు లెక్క. కొత్త జనగణన వచ్చినప్పుడు ఆ అంచనాలు మారతాయి. 'ఈ' ప్రాంతంలో 60 లక్షలనుకున్నది 66 లక్షలని తేలిందనుకోండి. తలసరి 10,000 అన్నది పాత 60 లక్షలతో భాగించి కట్టిన అంకె. దాన్ని అలాగే ఉంచి కొత్త జనాభా 66 లక్షలను భారంగా వేస్తే 'ఈ' ప్రాంతపు ఆదాయం 6,600 కోట్లవుతుంది. ఆ అదనపు 600 కోట్లు ఎక్కడా లేవు, రెండు కాలాల అంకెలు కలిపినందుకు కాగితం మీద పుట్టాయి. దేశ సగటు 13,868 అని వస్తుంది. సరైన పద్ధతిలో ఆదాయం 6,000 కోట్లే ఉంచి, తలసరిని 9,091కి దించి లెక్కిస్తే 14,100 కోట్లను 1.06 కోట్లతో భాగించినట్టు 13,302 వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒకే ఉపాయం. ప్రతి వరుసలోనూ జనాభాను తలసరితో గుణించి కూడితే, ఆదాయ లెక్కల విభాగం విడిగా ప్రకటించిన మొత్తం ఆదాయం రావాలి. దశాంశాలు సవరించినందువల్ల వచ్చే చిన్న తేడాలు తప్ప, రాకపోతే ఆ రెండు వరుసలూ ఒకే చోటి నుంచి, ఒకే కాలం నుంచి రాలేదన్నమాట. ఇలాంటి సవరణ వచ్చినప్పుడు వెనకటి సంవత్సరాల వరుసను కూడా తిరిగి కట్టాలి. లేకపోతే జనగణన ఏడాదిలో ఆదాయం ఒక్కసారిగా కుంగినట్టు గ్రాఫులో మెట్టు కనబడుతుంది, దానికి కారణాలు వెతుకుతూ సంపాదకీయాలు కూడా వస్తాయి.

జనం ఒకచోట, ఆదాయం ఒకచోట లెక్కకొచ్చే ప్రాంతాల సంగతి కూడా చెప్పాలి. ఒక ప్రాంతంలో జరిగిన ఉత్పత్తిని అక్కడ నివసించేవారి సంఖ్యతో భాగిస్తే, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఉద్యోగుల పని పైన కలుస్తుంది, వాళ్ల తలలు మాత్రం కింద కలవవు. యూరపు ప్రాంతీయ గణాంకాల్లో లండన్ నడిబొడ్డు పశ్చిమ భాగపు తలసరి ఉత్పత్తి యూరపు సమాఖ్య సగటుకు ఆరు రెట్లు దాటి కనిపించింది అందుకే. లక్సెంబర్గ్‌లో పనిచేసేవారిలో దాదాపు సగం మంది పక్క దేశాల నుంచి రోజూ సరిహద్దు దాటి వచ్చేవాళ్లే, ఆ దేశపు తలసరి ఉత్పత్తి అంత ఎత్తున ఉండడానికి అదొక కారణం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వచ్చిపోయేవాళ్లంతా ఒకే దేశంలోని ప్రాంతాల మధ్య తిరిగేవాళ్లయితే, అన్ని ప్రాంతాలూ కలిపిన భారిత సగటుకు ఏమీ కాదు. ఒక ప్రాంతంలో పెరిగింది ఇంకో ప్రాంతంలో తగ్గుతుంది, మొత్తం మొత్తమే. మామూలు సగటు మాత్రం చిన్న నగర ప్రాంతపు ఉబ్బిన అంకెను పూర్తి బరువుతో మోస్తుంది. ప్రాంతాల ర్యాంకులు, ప్రాంతాల మధ్య అంతరాలు మాత్రం ఎలా సగటు తీసినా చెడతాయి. వాటికోసం పని జరిగిన చోటు కాకుండా, నివసించే చోటి కుటుంబాల ఆదాయాన్ని వాడండి. తలసరి ఉత్పత్తిని తలసరి ఆదాయం అని పిలవడం మానేస్తే ఈ గొడవలో సగం తీరుతుంది. ధరల తేడా కూడా ఇలాంటిదే. అన్నిచోట్లా ఒకే ధరలుండవు కాబట్టి కొనుగోలు శక్తి పోల్చేటప్పుడు ముందు ఒక్కో ప్రాంతపు ఆదాయాన్ని అక్కడి ధరలకు తగ్గట్టు సరిచేసి, ఆ తర్వాతే భారిత సగటు తీయాలి.

ఇప్పుడు పాఠకులను అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టే సంగతి. ఇరవై ఏళ్ల తర్వాత మన ఊహా దేశంలో నాలుగు ప్రాంతాల్లోనూ తలసరి ఆదాయం, ధరల పెరుగుదల తీసేశాక, సరిగ్గా అయిదు శాతం పెరిగిందనుకుందాం. 63,000, 31,500, 15,750, 10,500. ఎక్కడా తగ్గుదల లేదు. జనాభా 'అ', 'ఆ', 'ఇ' ప్రాంతాల్లో అలాగే ఉంది, 'ఈ' ప్రాంతంలో మాత్రం 60 లక్షల నుంచి కోటికి చేరింది. మొత్తం ఆదాయం 1,260, 2,520, 4,725, 10,500 కోట్లు కలిపి 19,005 కోట్లు. జనాభా 1.4 కోట్లు. భారిత సగటు 13,575. ప్రతి ప్రాంతమూ అయిదు శాతం పెరిగితే దేశం 3.7 శాతం తగ్గింది.

ఇది చూసి భారిత సగటే తప్పు అనేవాళ్లున్నారు. తప్పు కాదు. 'ఈ' ప్రాంతపు భారం 60 శాతం నుంచి 71.4 శాతానికి పెరిగింది, అంతే. చేయాల్సిన పని ఈ మార్పును రెండుగా విడగొట్టి చూపించడం. పాత భారాలనే ఉంచి కొత్త తలసరులతో కడితే 14,805 వస్తుంది, అంటే ఆదాయాల పెరుగుదల వల్ల +705. అక్కడి నుంచి 13,575 దాకా దిగింది జనాభా కూర్పు మారడం వల్ల, అది −1,230. రెండూ కలిపితే −525, 14,100కీ 13,575కీ తేడా అదే. నివేదికలో ఈ మూడు అంకెలూ వేస్తే "ప్రతిచోటా పెరిగిందంటారు, దేశంలో తగ్గిందంటారు, ఎవరిని నమ్మాలి" అన్న ప్రశ్నే రాదు. మామూలు సగటు ఇక్కడ 5 శాతం పెరుగుదల చూపిస్తుంది. ఆ అంకె బాగుందని ఎంచుకోకండి. జనాభా ఎంత మారినా దానికి పట్టదు కాబట్టే అది అంత ప్రశాంతంగా ఉంది. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కొత్త భారాలతో మొదలుపెట్టి విడగొడితే రెండు ముక్కల పరిమాణం కొంచెం మారుతుంది. ఏ ఏడాది భారాలు వాడారో ఒక మాట రాసి, ప్రతి ఏటా అదే పద్ధతి పాటించండి.

వృద్ధిరేట్లకు సగటు తీసేటప్పుడు భారం మళ్లీ మారుతుంది. 'ఈ' ప్రాంతం 8 శాతం, మిగతా మూడూ 2 శాతం చొప్పున పెరిగాయనుకోండి, జనాభా మారలేదు. దేశ తలసరి ఎంత పెరిగింది అన్నది ప్రశ్న అయితే వృద్ధిరేట్లకు భారం ఆదాయపు వాటా, జనాభా కాదు. జవాబు 4.55 శాతం. సగటున ఒక మనిషి ఉన్న ప్రాంతంలో వృద్ధి ఎంత అన్నది ప్రశ్న అయితే భారం జనాభా, జవాబు 5.6 శాతం. తలసరుల స్థాయికి జనాభా భారం, దేశ తలసరి వృద్ధికి ఆదాయపు భారం అని గుర్తుంచుకుంటే చాలు.

భారిత సగటును కూడా నెత్తిన పెట్టుకోకూడదని మా అభిప్రాయం. మన ఊహా దేశంలో 14,100 తలసరి ఉన్న ప్రాంతం ఒక్కటీ లేదు. జనాన్ని వారి ప్రాంతపు తలసరి ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి 'ఈ' ప్రాంతం వాడే, అక్కడ తలసరి 10,000. ఈ జనాభా భారిత మధ్యగతాన్ని కూడా సగటు పక్కన వేస్తే చదివేవారికి దేశపు ఆకారం కొంత తెలుస్తుంది. అయినా ఇవన్నీ ప్రాంతాల సగటుల మీద కట్టిన అంకెలే. 'ఈ' ప్రాంతం లోపల ఎవరికెంత ఉందో వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. దానికి ఇంటింటి సర్వే కావాలి, ప్రాంతాల పట్టిక సరిపోదు.

మా కోరిక పెద్దదేం కాదు. తలసరి వరుస పక్కన జనాభా, మొత్తం ఆదాయం వరుసలు రెండూ ముద్రించండి, జనాభా ఏ తేదీదో శీర్షికలోనే రాయండి. కింద "మొత్తం" వరుసలో తలసరిని పై తలసరుల నుంచి కాకుండా, పక్క రెండు గడుల నుంచి, మొత్తం ఆదాయాన్ని మొత్తం జనాభాతో భాగించి కట్టండి. మామూలు సగటు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, దానికి "ప్రాంతాల సగటు, జనాభా లెక్కలోకి తీసుకోలేదు" అని పేరు పెట్టండి. అంకె అందని ప్రాంతాల జనాభా శాతం ఫుట్‌నోట్‌లో ఉండాలి. సంపాదకులకు ఒక్క మనవి. పత్రికా ప్రకటనలో "సగటు తలసరి ఆదాయం" అన్న అంకె వస్తే, వార్త రాసేముందు దాన్ని మొత్తం జనాభాతో గుణించి చూడండి. 28,750ని కోటితో గుణిస్తే 28,750 కోట్లు. అదే ప్రకటన రెండో పేజీలో మొత్తం ఆదాయం 14,100 కోట్లని ఉంటే, ఆ విభాగానికి ఫోన్ చేసి ఏ సగటు తీశారో అడగండి.

ఇట్లు,
ప్రాంతీయ ఆదాయ పట్టికలు కూర్చే, సరిచూసే పనిలో ఉన్న కొందరం